వెళ్లేటప్పుడు ఎక్కకుంటే తిరుగు టికెట్టూ రద్దే!

కోల్‌కతా: దమ్‌దమ్‌లోని నేతాజీ సుభాష్‌చంద్ర బోస్ విమానాశ్రయం నుంచి హైదరాబాద్‌కు రానుపోను టికెట్టు కొన్న ప్రయాణికుడు ఒకరు ఉన్నారనుకుందాం. నగరంలోని రద్దీలో చిక్కుకొని విమానం అందుకోలేకపోయాడు. హౌరా వెళ్లి సికింద్రాబాద్ రైలెక్కి మరునాటికి ఊరు చేరాడు. పోయింది వెళ్లే టికెట్టే కదా, తిరుగు టికెట్టు చేతిలోనే ఉందన్న ధీమాతో నాలుగు రోజుల తరువాత శంషాబాద్ చేరితే, అతని పేరున సీటే లేదన్న సమాధానం ఎదురవుతుంది. డబ్బు చెల్లించిన సీటు ఏమైనట్లు?

రానుపోను టికెట్టును ప్రయాణికుడు రెండు ప్రయాణాలుగా భావిస్తాడు. విమానయాన సంస్థ దృష్టిలో అది ఒకే ఒప్పందం. పూర్వం కాగితపు టికెట్టు చిన్న పుస్తకంలా ఉండి, ఒక్కొక్క ప్రయాణానికి ఒక్కొక్క కూపన్ చించి ఇచ్చేవారు. 2008 నుంచి కాగితపు టికెట్లు పోయినా కూపన్లు కంప్యూటర్‌లో అలాగే నిలిచాయి. వాటిని వరుస క్రమంలోనే వాడుకోవాలని అనేక సంస్థల నిబంధనలు చెబుతున్నాయి. విమానం తలుపులు మూసి లెక్క తేల్చగానే, ఎక్కని వారి కూపన్‌పై ‘నో షో’ అని నమోదవుతుంది. ఆ వెంటనే అదే టికెట్టులోని మిగిలిన ప్రయాణాలు రద్దయి, ఆ సీట్లు తిరిగి అమ్మకానికి వస్తాయి.

కౌంటరు మూసిన తరువాత విమానాశ్రయం చేరినవారు సైతం ‘నో షో’ కిందికే వస్తారు. దేశీయ ప్రయాణాలకు సాధారణంగా బయలుదేరడానికి 60 నిమిషాల ముందే కౌంటరు మూస్తారు. ఇంటివద్దనే బోర్డింగ్ పాస్ తీసుకున్నా, గేటు వద్దకు సకాలంలో చేరని వారి గతీ ఇంతే. అయితే వెళ్లేటప్పుడు ప్రయాణించి, తిరుగు ప్రయాణం మానుకున్నవారికి ఈ చిక్కు లేదు. ఆ తరువాత రద్దు కావలసిన కూపన్ ఏదీ మిగలదు.

ఈ కఠిన నియమానికి మూలం చార్జీల నిర్ణయంలో ఉంది. రానుపోను చార్జీ కొన్ని మార్గాలలో ఒకవైపు చార్జీకి రెట్టింపు కన్నా తక్కువ. ఒక్కొక్కప్పుడు ఒకవైపు చార్జీ కన్నా కూడా తక్కువే. నియమం లేకుంటే చౌకగా రానుపోను టికెట్టు కొని, కావలసిన సగమే వాడుకునేవారు పెరుగుతారని సంస్థల వాదన. వెళ్లనివాడు తిరిగి రాడన్న అంచనాతో, సీటు ఖాళీగా పోకుండా ముందే అమ్ముకోవడం రెండవ కారణం.

నష్టం ఎంతో ఊహాజనితమైన అంకెలతో చూద్దాం. రానుపోను మూల చార్జీ రూ.9,000, పన్నులు, రుసుములు రూ.1,600, మొత్తం రూ.10,600 అనుకుందాం. ‘నో షో’ అయితే మూల చార్జీ మొత్తం పోవచ్చు. అప్పటికప్పుడు తిరుగు టికెట్టుకు రూ.8,000 పెడితే, పన్నులు వాపసు వచ్చినా నికరంగా రూ.17,000 ఖర్చు. అదే రెండు విడి టికెట్లు ఒక్కొక్కటి రూ.5,200 మూల చార్జీకి కొని ఉంటే పన్నులతో కలిపి రూ.12,000 అయ్యేది. వెళ్లే టికెట్టుపై పన్నుల రూ.800 వాపసు రాగా నికర ఖర్చు రూ.11,200. తిరుగు సీటూ భద్రంగా ఉండేది.

ప్రయాణం చేయకపోయినా చట్టబద్ధమైన పన్నులను, విమానాశ్రయ వినియోగ రుసుమును వాపసు చేయవలసిందేనని పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ 2016లో స్పష్టం చేసింది. మూల చార్జీ తిరిగిరాని టికెట్లకూ ఇది వర్తిస్తుంది. విదేశాలలో మరో అడుగు ముందుకు పడింది. కూపన్లను వరుసగా వాడకుంటే మిగతా ప్రయాణాన్ని నిరాకరిస్తామన్న షరతు చెల్లదని జర్మనీ ఫెడరల్ న్యాయస్థానం 2010లో తీర్పు చెప్పింది. అయితే నిజంగా చేసిన ప్రయాణానికి తగిన హెచ్చు చార్జీని సంస్థ అడగవచ్చునని కూడా పేర్కొంది.

తమ టికెట్టు ఏ కోవకు చెందినదో ప్రయాణికులే గుర్తించవచ్చు. రెండు ప్రయాణాలకూ ఒకే 13 అంకెల టికెట్టు నంబరు ఉంటే అవి ముడిపడి ఉన్నట్లే. వేర్వేరు పి.ఎన్.ఆర్.లతో విడిగా కొన్న టికెట్లయితే ఒకదాని ప్రభావం మరొకదానిపై ఉండదు. చౌక విమాన సంస్థలు కొన్ని ప్రతి ప్రయాణాన్నీ విడిగానే లెక్కిస్తాయి గనుక, షరతులు చదివి నిర్ధారించుకోవడం మేలు.

విమానం అందదని తెలిసిన క్షణమే సంస్థకు ఫోను చేయాలి. అది బయలుదేరకముందే వెళ్లే ప్రయాణాన్ని మార్చుకుంటే, లేదా తిరుగు ప్రయాణాన్ని నిలిపి ఉంచి టికెట్టును తిరిగి జారీ చేయమని కోరితే, చార్జీల తేడా చెల్లించి సీటు నిలుపుకునే వీలుంటుంది. మాట మీద వదిలేయక కొత్త టికెట్టును ఈ-మెయిల్‌లో తెప్పించుకోవాలి. విమానం కదిలాక చేసే విజ్ఞప్తికి ఈ విలువ ఉండదు.