బిల్లు లేని భోజనం

హోటలు లెక్కలు చూడబోయే ఆడిటరుకు అన్నిటికంటే కష్టమైన పని లేని కాగితాన్ని వెతకడం. ఖర్చు రాసి ఉంటే దానికి చీటీ ఏదని అడగవచ్చు. బ్యాంకులో జమ ఉంటే ఎక్కడిదని అడగవచ్చు. కానీ అమ్మిన భోజనానికి అసలు బిల్లే కొట్టకపోతే దేన్ని పట్టుకుని అడుగుతాం? తిన్నవాడు చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు, ఆకు తొట్టిలో పడింది, నోటు ఎవరి జేబులోకో చేరింది. ఉన్న బిల్లులన్నీ పైసాతో సహా సరిగ్గా కూడినా లేని బిల్లు బయటపడదు.

పెద్ద కంపెనీల ఆడిట్‌లో అమ్మకాలు లేనివి ఉన్నట్టు చూపించారేమోనని భయం ఎక్కువ. నగదు మీద నడిచే మెస్సుల్లో, మిఠాయి అంగళ్ళలో, కిరాణా కొట్లలో భయం తిరగబడుతుంది. ఉన్నవి లేనట్టు చూపిస్తారు. ఆదాయం రాయడంలో మోసానికి అవకాశం ఉందని ముందే అనుకుని పని మొదలుపెట్టమని మా 240వ ఆడిటింగ్ ప్రమాణమే చెబుతుంది. యజమాని ఎంత మంచివాడనే దానితో దీనికి సంబంధం లేదు.

బెంగళూరులో మన వాళ్ళ మెస్సులు ఎన్ని ఉన్నాయో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కరలేదు. అలాంటి ఒక మెస్సు లెక్క ఇక్కడ చెబుతాను. ఎవరిదో తెలియకుండా అంకెలు కొంచెం మార్చాను, లెక్క నడిచిన తీరు మాత్రం మార్చలేదు. అక్కడ మధ్యాహ్నం, రాత్రి భోజనాలు మాత్రమే, టిఫిన్లు లేవు. కూర్చుని తింటే 120 రూపాయలు, పార్సెలు అయితే డబ్బాతో కలిపి 130. యజమాని పెద్దాయన. "ఏమండీ ఆడిటరు గారూ, జనం తగ్గలేదు, రేటు కూడా పెంచాం. అయినా నెలాఖరుకు చేతిలో ఏమీ నిలవడం లేదు. ఎక్కడ పోతోందో కాస్త చూడండి" అన్నారు.

మొదట చూసింది సరుకు ఖర్చు. అంతకు ముందు సంవత్సరం వంద రూపాయల అమ్మకానికి 42 రూపాయల సరుకు పట్టేది. ఇప్పుడు 51 పడుతోంది. ధరలు పెరిగాయి నిజమే, కానీ రేటు పెంచాక కూడా తొమ్మిది రూపాయల తేడాకు ధరలొక్కటే కారణం కాలేవు. సరుకన్నా పోతూ ఉండాలి, లేదా అమ్మకమన్నా పోతూ ఉండాలి. ఏది పోతోందన్నదే ప్రశ్న.

చెప్పకుండా ఒక మధ్యాహ్నం మూడున్నరకు వెళ్ళి గల్లా లెక్కపెట్టాం. బిల్లింగు మిషను చూపించిన నగదు, గల్లాలో ఉన్న నగదు రూపాయి తేడా లేకుండా సరిపోయాయి. పెద్దాయన ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం అక్కడే అనుమానం తగిలింది. భోజనాల వేళ రద్దీలో చిల్లర ఇచ్చి పుచ్చుకునే గల్లాలో పదో ఇరవయ్యో ఎక్కువతక్కువ రావడం మామూలు. పాత రోజువారీ చీటీలు తిరగేస్తే రెండు నెలలుగా ఒక్కరోజూ తేడా లేదు. మిషను చూపిన మొత్తానికి సరిపోయేంత ఉంచి, మిగిలింది తీసేసేవాడి గల్లా ఇలాగే ఉంటుంది. అందుకే నగదు లెక్కపెట్టడం అవసరమే గాని, బిల్లు లేని అమ్మకాన్ని అది పట్టించలేదు.

కనుక గల్లా వదిలేసి వంటింట్లోకి వెళ్ళాం. గల్లా దగ్గరి మనిషి చెయ్యి పడని లెక్కలు అక్కడే ఉంటాయి. ఈ మెస్సుకు మూడు దొరికాయి: బియ్యం, అరిటాకులు, పార్సెలు డబ్బాలు.

ముందు బియ్యం. 2022 జూలైలో 25 కిలోల లోపు అచ్చు బస్తాలకు జీఎస్టీ వచ్చాక మిల్లులు 26 కిలోల బస్తాలు మొదలుపెట్టాయి. వీళ్ళు కొనేవి అవే. పాత అలవాటుగా బస్తాకు 25 అని వేసుకుంటే లెక్క తప్పుతుంది. ఆ నెల మొదట్లో నిల్వ 6 బస్తాలు, కొన్నవి 50, చివర మిగిలినవి 4. అంటే వండినవి 52 బస్తాలు, 1352 కిలోలు. పనివాళ్ళ భోజనాలకు 168 కిలోలు, మిగిలి పారబోసిన అన్నానికి 60 కిలోలు తీసేస్తే 1124 కిలోలు. మా కుర్రవాడు మూడు రోజులు వంటింట్లో కూర్చుని, పొయ్యి మీదకు వెళ్ళే బియ్యం తూచి, బయటకు వెళ్ళే భోజనాలు లెక్కపెట్టాడు. భోజనానికి సగటున 150 గ్రాముల బియ్యం తేలింది. ఆ లెక్కన నెలకు సుమారు 7490 భోజనాలు రావాలి. బిల్లులు ఉన్నవి 6240. తేడా 1250.

ఇక్కడితో ఆగిపోయి ఎవరినో దొంగ అనడం తప్పు. బస్తాలే వెనక గుమ్మం గుండా పోయి ఉండవచ్చు. వడ్డన చెయ్యి కాస్త పెద్దదైనా ఇంత తేడా రావచ్చు. అందుకే రెండో కొలత కావాలి, అదీ మొదటిదానితో సంబంధం లేనిదై ఉండాలి.

కూర్చుని తినేవాళ్ళకు అరిటాకు వేస్తారు, పనివాళ్ళు కంచాల్లో తింటారు. ఆ నెలలో 5400 ఆకులు వాడారు. చిరిగినవి వందకు అయిదు చొప్పున తీసేస్తే 5130. కూర్చుని తిన్నవారి బిల్లులు 5100. అంటే హాల్లో ఏమీ పోవడం లేదు. ఇక డబ్బాలు. మొదట నిల్వ 300, కొన్నవి 2600, మిగిలినవి 450, వాడినవి 2450. సొట్టలు పోయినవి 50 అనుకున్నా 2400 పార్సెళ్ళు వెళ్ళి ఉండాలి. బిల్లులు 1140. తేడా 1260. బియ్యం చెప్పిన తేడాకు ఇది పది భోజనాలు అటూ ఇటూ. బస్తాలు దొంగిలించి ఉంటే డబ్బాలు తగ్గేవి కావు. వడ్డన పెద్దదైనా అంతే. కూరలు మాత్రమే కట్టే డబ్బాలు వేరే సైజు, అవి ఈ లెక్కలో లేవు. పోతున్నది పార్సెలు కౌంటరు దగ్గరే.

తరువాత రోజులవారీగా విడదీశాం. ఆ కౌంటరు చూసే అబ్బాయి నెలలో నాలుగు రోజులు సెలవు పెట్టాడు. ఆ నాలుగు రోజుల్లో రోజుకు సగటున 79 పార్సెలు బిల్లులు: 30 ఫోను ద్వారా యూపీఐలో చెల్లించినవి, 49 నగదువి. మిగతా 26 రోజుల్లో రోజుకు 32 లోపే. అందులో యూపీఐవి అదే 30, నగదువి ఒకటో రెండో. నగదుతో పార్సెలు కొనే జనం అతను సెలవు పెట్టిన రోజే వీధిలోకి వస్తారా? యూపీఐ సొమ్ము నేరుగా బ్యాంకుకు పోతుంది కనుక దానికి బిల్లు కొట్టక తప్పదు. (కౌంటరు మీది క్యూఆర్ కాగితంపై తమ సొంతది అంటించేవాళ్ళూ ఉన్నారు. అందుకే వెళ్ళిన ప్రతిచోటా ఒక రూపాయి కట్టి ఏ పేరు వస్తుందో చూడడం నా అలవాటు.)

ఎలా జరిగిందో తెలుసుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. పార్సెలు కట్టేవాడికి ప్లాస్టిక్ టోకెను ఇస్తే డబ్బా ఇస్తాడు. టోకెన్లు పూటకోసారి తిరిగి కౌంటరుకే వచ్చేవి. వాటికి వరస నంబరు లేదు, బిల్లుతో ముడి లేదు. నగదు ఇచ్చి బిల్లు అడగనివాడికి ఉత్త టోకెను ఇస్తే చాలు. వంటింటివాడి దృష్టిలో అంతా సక్రమమే.

నెలకు 1250 పార్సెళ్ళు, 130 చొప్పున 1,62,500 రూపాయలు. ఆ అమ్మకం కూడా కలిపి చూస్తే సరుకు ఖర్చు మళ్ళీ 42 దగ్గరకే వచ్చింది. మేము రాసిచ్చినదాంట్లో ఆ అబ్బాయి దొంగ అని రాయలేదు. తేడా ఎంత, ఏ కౌంటరులో, ఏ రోజుల్లో, ఏ లెక్కతో తేల్చామన్నది రాశాం. అరిటాకులు, డబ్బాలు నేరం రుజువు చేయవు. ఎక్కడ వెతకాలో చెబుతాయి. అడగడం, తేల్చుకోవడం యజమాని పని.

ప్లాస్టిక్ టోకెన్లు తీసేశారు. ఇప్పుడు బిల్లు కొట్టగానే వంటింట్లోని చిన్న ప్రింటరులో నంబరుతో చీటీ వస్తుంది; అది లేకపోతే డబ్బా కదలదు. చీటీలు వంటింట్లోనే ముల్లుకు గుచ్చి ఉంచుతారు. రాత్రి ఇంటావిడ వాటిని మిషను లెక్కతోనూ, కొట్టేసిన బిల్లులతోనూ పోల్చుకుంటారు. మూడు నెలల తరువాత చూస్తే పార్సెళ్ళు రోజుకు 78, సరుకు ఖర్చు వందకు 43.

ఇదంతా యజమానికి తెలియకుండా పోయిన డబ్బు. యజమానే బిల్లు కొట్టవద్దంటే ఈ లెక్క ఇంత తేలికగా దొరకదు. అలాంటివారు అమ్మకంతో పాటు కొనుగోలు కూడా పుస్తకాల్లోకి రానివ్వరు. అయిదు శాతం జీఎస్టీ కట్టే హోటళ్ళకు కొన్న సరుకు మీద కట్టిన పన్ను తిరిగి రాదు. కాబట్టి బిల్లు తీసుకుని కొనాలన్న అవసరం వాళ్ళకు తక్కువ. కూరగాయలకు ఎలాగూ పన్ను లేదు. రెండు వైపులా సమానంగా తగ్గిస్తే వందకు 42 అలాగే నిలుస్తుంది. అప్పుడు వాళ్ళు దాచలేని ఖర్చు చూడాలి: కంపెనీ బిల్లుతో వచ్చే 19 కిలోల గ్యాసు సిలిండర్లు, కరెంటు మీటరు, డబ్బాలు సరఫరా చేసేవాడి పుస్తకం. సొంత వాడకం కింద నెలకు పది వేలే తీసుకున్నట్టు రాసి, పిల్లవాడికి లక్షల్లో కాలేజీ ఫీజు కట్టినా అనుమానించాల్సిందే.

2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ జమలు చూసి చిన్న వ్యాపారులకు నోటీసులు పంపినప్పుడు బెంగళూరులో ఎన్నో అంగళ్ళ ముందు "యూపీఐ లేదు, నగదు మాత్రమే" అని అట్టలు వెలిశాయి. భయపడినవారిలో నిజంగా చిన్నవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ బాధ న్యాయమైనదే. కానీ ఆడిటరుకు ఆ అట్ట మరో రకంగా పనికొస్తుంది. జూన్‌లో వందకు 60 యూపీఐ ఉన్న కొట్టులో ఆగస్టుకు 10 అయి, నగదు అమ్మకం మాత్రం పెరగకపోతే, ఆ 50 మంది ఎటు వెళ్ళారని అడగాలి. అంగడి ముందు జనం తగ్గలేదని కళ్ళకు కనిపిస్తూనే ఉంటుంది.

అలా అడిగితే "అన్నీ రాశామండీ, కావాలంటే సంతకం పెట్టిస్తాను" అంటారు. ఆ సంతకం తీసుకుంటాం, కానీ గ్యాసు లెక్కకు అది జవాబు కాదు. జవాబు రాకపోతే అమ్మకాలన్నీ పుస్తకాల్లోకి వచ్చాయని నిర్ధారించుకోలేకపోయామని, కారణంతో సహా నివేదికలో రాస్తాం. రాయనివ్వకపోతే ఆ లెక్కలు వదిలేస్తాం. నేను అలా వదిలినవి రెండున్నాయి.