ఆరడుగుల జంట పిల్లలు ఎందుకు కాస్త పొట్టి?

చార్లెస్ డార్విన్‌కు వరుసకు సోదరుడైన ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో ఇంగ్లండ్‌లో ఒక లెక్క ప్రచురించాడు. 205 జంటల ఎత్తులు, పెరిగి పెద్దవాళ్లయిన వాళ్ల పిల్లలు 928 మంది ఎత్తులు అందులో ఉన్నాయి. మగవాళ్లనూ ఆడవాళ్లనూ ఒకే కొలబద్దతో చూడాలి కాబట్టి ఆడవాళ్ల ఎత్తులన్నిటినీ 1.08తో హెచ్చవేశాడు. తర్వాత తల్లి ఎత్తు, తండ్రి ఎత్తు కలిపి సగం చేసి, దాన్ని ఆ జంట ఎత్తుగా తీసుకున్నాడు.

ఆ జనంలో సగటు 68.25 అంగుళాలు. అంటే ఐదడుగుల ఎనిమిది అంగుళాల పైచిలుకు. జంట ఎత్తు సరిగ్గా ఆరడుగులు, అంటే 72 అంగుళాలు అనుకుందాం. సగటు కన్నా 3.75 అంగుళాలు ఎక్కువ. వాళ్ల పిల్లలకూ అంతే ఆధిక్యం రావాలి కదా! కానీ గాల్టన్ లెక్కలో పిల్లలకు దక్కింది అందులో సుమారు మూడింట రెండు వంతులే. ఆ చొప్పున 2.5 అంగుళాలు కలిపితే పిల్లల సగటు 70.75 అంగుళాలు. ఊళ్లో చాలామంది కన్నా పొడుగే, కన్నవాళ్ల కన్నా మాత్రం కొంచెం తక్కువ. పొట్టి జంటల దగ్గర ఇదే తిరగబడింది. వాళ్ల పిల్లలు తల్లిదండ్రులను కొద్దిగా మించారు. దీన్నే సగటు వైపు మళ్లడం అంటారు.

గాల్టన్ దీనికి చెప్పిన కారణం ఇది: బిడ్డకు తల్లిదండ్రుల నుంచే కాదు, తాతముత్తాతల నుంచి కూడా లక్షణాలు వస్తాయి. ఆ పూర్వీకులంతా కలిస్తే సగటు మనుషులే, కాబట్టి వాళ్లు బిడ్డను వెనక్కి లాగుతారు. వినడానికి బాగుంటుంది గానీ నిలవదు. తాతల జన్యువులు ఏవైనా మనకు తల్లిదండ్రుల ద్వారానే చేరాలి. వాళ్లను దాటి వచ్చే దారి లేదు.

అసలు కారణం మరోచోట ఉంది. మనిషి ఎత్తులో జన్యువుల వాటా పెద్దదే, కానీ అదొక్కటే కాదు. చిన్నప్పుడు తిన్న తిండి, తప్పిన జబ్బులు, ఎదిగే వయసులో కలిసొచ్చినవీ రానివీ అన్నీ అందులో చేరతాయి. జన్యువుల్లో కూడా కొన్ని ఫలానా జోడీగా కుదిరితేనే పనిచేస్తాయి. బిడ్డకు చేరేటప్పుడు ఆ జోడీ విడిపోతుంది. ఇప్పుడు గుంపులోంచి అందరికన్నా పొడుగైనవాళ్లను మాత్రమే ఏరండి. వాళ్లలో ఎక్కువమంది మంచి జన్యువులతోపాటు ఈ కలిసొచ్చిన భాగం కూడా ఉన్నవాళ్లే అయి ఉంటారు. రెండూ కలిస్తేనే గదా అంత పైకి వచ్చింది! బిడ్డకు అందేది మొదటి భాగమే. రెండోది మళ్లీ మొదటినుంచి, అందరికీ ఉన్నంత అవకాశంతోనే నిర్ణయమవుతుంది.

ఇందులో ఎవరూ ఎవరినీ వెనక్కి లాగడం లేదనడానికి చక్కటి రుజువు ఉంది. లెక్కను తలకిందులు చేసి చూడాలి. కార్ల్ పియర్సన్, ఆలిస్ లీ 1903లో 1,078 జతల తండ్రీకొడుకుల ఎత్తులు ప్రచురించారు. తండ్రుల సగటు సుమారు 67.7 అంగుళాలు, కొడుకుల సగటు సుమారు 68.7. ఆరడుగుల తండ్రుల కొడుకులు సగటున దాదాపు 70.8 అంగుళాలు. ఇప్పుడు ఆరడుగుల కొడుకులను ఏరి వాళ్ల తండ్రులను చూస్తే, దాదాపు 69.4 అంగుళాలే! కొడుకు ఎత్తు తండ్రిని పొట్టిగా చేయలేదు కదా. ఎటు నుంచి ఏరితే అటు వాళ్లు అసాధారణంగా కనిపిస్తారు, రెండోవైపు వాళ్లు సగటుకు దగ్గరగా ఉంటారు.

మరి తరాలు గడిచేకొద్దీ అందరూ ఒకే ఎత్తుకు వచ్చేయాలి గదా అన్న సందేహం రావాలి. రాదు. ఎందుకంటే పైన చెప్పినవన్నీ సగటులు. ఆరడుగుల తండ్రి కొడుకుల్లో ఆరడుగుల మూడంగుళాల వాడూ ఉంటాడు, ఐదడుగుల ఎనిమిది అంగుళాల వాడూ ఉంటాడు. మామూలు ఎత్తు తల్లిదండ్రులు లెక్కకు చాలామంది కాబట్టి, వాళ్లలో కొద్దిమందికి పొడుగు బిడ్డలు పుట్టినా ఖాళీ నిండిపోతుంది. పియర్సన్ లెక్కలో కొడుకుల ఎత్తుల్లోని వ్యత్యాసం తండ్రుల ఎత్తుల్లో ఉన్నంతే ఉంది. సగటు మాత్రం ఒక అంగుళం పెరిగింది. తరానికి తరానికి తిండి మెరుగయ్యే చోట ఈ పెరుగుదల తోడై, పొడుగు తండ్రి కొడుకు కూడా తండ్రిని దాటవచ్చు. మళ్లడం ఆగిపోయిందని కాదు, మళ్లే సగటే పైకి జరిగిందని.

పిల్లల డాక్టర్లు బిడ్డ ఎంత ఎదగవచ్చో అంచనా వేయడానికి ఒక సులువైన సూత్రం వాడతారు. మగబిడ్డకైతే తల్లిదండ్రుల ఎత్తులు సెంటీమీటర్లలో కూడి, 13 కలిపి, సగం చేస్తారు. ఆడబిడ్డకు 13 తీసేస్తారు. తండ్రి 185, తల్లి 172 అయితే అబ్బాయికి 185 వస్తుంది. ఈ సూత్రంలో సగటు వైపు మళ్లడానికి చోటు లేదు. అందుకే బాగా పొడుగు తల్లిదండ్రులకు అది కొంచెం ఎక్కువ చెబుతుంది, బాగా పొట్టివాళ్లకు కొంచెం తక్కువ చెబుతుంది. అలాంటి ఇంట్లో అబ్బాయి 182 దగ్గర ఆగితే, ఆ మూడు సెంటీమీటర్ల కోసం జబ్బు వెతకనక్కర్లేదు. బిడ్డ ఏటా ఎంత పెరుగుతున్నాడో రాసుకుంటూ, ఆ వేగం మధ్యలో తగ్గిపోతే మాత్రం డాక్టర్‌కు చూపించాలి.