మారుతి వాటా ఎందుకు తగ్గింది? రెండు భాగహారాల్లో జవాబు

2018-19లో మన దేశంలో అమ్ముడైన ప్యాసింజర్ వాహనాల్లో, అంటే కార్లు, ఎస్‌యూవీలు, వ్యాన్లు అన్నీ కలిపి చూస్తే, సగానికి పైగా మారుతి సుజుకీవే. అయిదేళ్లు తిరిగేసరికి ఆ వాటా 42 శాతం దగ్గరకు దిగింది. ఈ అంకె చూడగానే కంపెనీ చతికిలపడిందనిపిస్తుంది. నిజానికి ఆ అయిదేళ్లలో మారుతి అమ్మకాలు తగ్గలేదు, కొద్దిగా పెరిగాయి. వ్యాపార వ్యూహం చదివే విద్యార్థులకు మార్కెట్ వాటా, సాపేక్ష మార్కెట్ వాటా అనే రెండు లెక్కలు నేర్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

మొదటి లెక్క తేలిక. కంపెనీ అమ్మకాలను మార్కెట్ మొత్తం అమ్మకాలతో భాగించి వందతో హెచ్చించాలి. 2023-24లో దేశీయంగా అమ్ముడైన ప్యాసింజర్ వాహనాలు సుమారు 42.2 లక్షలు. అందులో మారుతివి 17.6 లక్షలు, రెండో స్థానంలో ఉన్న హ్యుందాయ్‌వి 6.15 లక్షలు.

మారుతి వాటా = 17.6 ÷ 42.2 × 100 = 41.7 శాతం
హ్యుందాయ్ వాటా = 6.15 ÷ 42.2 × 100 = 14.6 శాతం

41.7 శాతం పెద్ద వాటాయేనా? ఆ అంకె ఒక్కటే చూసి చెప్పలేం. మిగిలిన 58 శాతాన్ని పది చిన్న కంపెనీలు పంచుకుంటే మారుతికి ఎదురులేదు. అదే ఇంకో కంపెనీ ఒక్కటే 40 శాతం పట్టుకుని ఉంటే పోటీ నువ్వా నేనా అన్నట్టుంటుంది. ఈ తేడాను పట్టి చూపేదే రెండో లెక్క. మన వాటాను పోటీదారుల్లో అందరికంటే పెద్దవాడి వాటాతో భాగించాలి.

మారుతి సాపేక్ష వాటా = 17.6 ÷ 6.15 = 2.86
హ్యుందాయ్ సాపేక్ష వాటా = 6.15 ÷ 17.6 = 0.35

శాతాలతో భాగించినా, వాహనాల సంఖ్యతో భాగించినా ఫలితం ఒకటే. విద్యార్థులు ఎక్కువగా తడబడేది భాజకం దగ్గర. అందరినీ అగ్రగామితోనే భాగించాలనుకుంటే అగ్రగామికి ఎప్పుడూ 1 వస్తుంది, దానివల్ల తెలిసేదేమీ ఉండదు. అగ్రగామిని రెండో స్థానంలో ఉన్నవాడితో, మిగతావారిని అగ్రగామితో భాగించాలి. అప్పుడు 1 దాటిన అంకె ఒకే ఒక్క కంపెనీకి వస్తుంది.

ఈ నిష్పత్తికి ప్రాచుర్యం తెచ్చింది బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ వ్యవస్థాపకుడు బ్రూస్ హెండర్సన్. ఒక వస్తువు ఎంత ఎక్కువగా తయారుచేస్తే దాని తయారీ ఖర్చు అంత దిగివస్తుందని, మొత్తం ఉత్పత్తి రెట్టింపైన ప్రతిసారీ ఒక్కో వస్తువు మీద ఖర్చు 20 నుంచి 30 శాతం దాకా తగ్గవచ్చని ఆయన బృందం 1960ల్లో గమనించింది. అలాగైతే పోటీదారుకు దాదాపు మూడింతలు అమ్మేవాడికి ఖర్చులో గట్టి వెసులుబాటు ఉండాలి. సాపేక్ష వాటా ఆ వెసులుబాటుకు ఒక ఆనవాలు. అది నేరుగా లాభాన్ని కొలవదు. ఖరీదైన బళ్లు తక్కువ సంఖ్యలో అమ్మే కంపెనీ ఒక్కో బండి మీద ఎక్కువ మిగుల్చుకోవచ్చు.

ఇప్పుడు అయిదేళ్లు వెనక్కి వెళ్దాం. 2018-19లో మార్కెట్ మొత్తం 33.8 లక్షలు, మారుతి 17.3 లక్షలు, హ్యుందాయ్ 5.45 లక్షలు. లెక్క వేస్తే మారుతి వాటా 51.2 శాతం, సాపేక్ష వాటా 3.17. అంటే అయిదేళ్లలో వాటా తొమ్మిదిన్నర పాయింట్లు పడిపోయినా, రెండో స్థానంతో దూరం అంతగా తగ్గలేదు. హ్యుందాయ్ వాటా కూడా 16.1 నుంచి 14.6కు జారింది. మారుతి పోగొట్టుకున్నది హ్యుందాయ్ చేతికి పోలేదు.

మరి ఎటు పోయింది? మార్కెట్‌ను ముక్కలుగా విడదీస్తే తెలుస్తుంది. ఈ అయిదేళ్లలో హ్యాచ్‌బ్యాక్‌లు, సెడాన్లు ఉండే కార్ల విభాగం 22.2 లక్షల నుంచి 15.5 లక్షలకు కుదించుకుపోయింది. ఎస్‌యూవీలు ఉండే యుటిలిటీ వాహనాల విభాగం 9.4 లక్షల నుంచి 25.2 లక్షలకు ఎగబాకింది. కార్లలో మారుతి వాటా 58 నుంచి 63 శాతానికి పెరిగింది. యుటిలిటీ వాహనాల్లో 28 నుంచి 25.5 శాతానికి తగ్గింది.

ఒక విభాగంలో అయిదు పాయింట్లు పెరిగి, ఇంకోదానిలో రెండున్నర తగ్గితే మొత్తం మీద తొమ్మిదిన్నర ఎలా తగ్గుతుంది? ఇందుకు ఒక పరీక్ష చేయవచ్చు. మారుతి ప్రతి విభాగంలోనూ తన పాత వాటాను అచ్చంగా నిలబెట్టుకుందనుకుందాం. 15.5 లక్షల కార్లలో 58 శాతం అంటే 9 లక్షలు. 25.2 లక్షల యుటిలిటీ వాహనాల్లో 28 శాతం అంటే 7.1 లక్షలు. వ్యాన్లు మరో 1.2 లక్షలు. మొత్తం 17.3 లక్షలు, అంటే 42.2 లక్షల్లో 41 శాతం. ఏ విభాగంలోనూ ఒక్క పాయింటు పోగొట్టుకోకపోయినా కంపెనీ వాటా 41 శాతానికి దిగి ఉండేదన్నమాట. కొనేవాళ్లు మారుతి బలంగా ఉన్నచోటు నుంచి అంత బలం లేనిచోటుకు తరలిపోయారు. తొమ్మిదిన్నర పాయింట్ల పతనానికి అసలు కారణం అదే.

యుటిలిటీ వాహనాల్లో మారుతి 6.42 లక్షలు అమ్మితే రెండో స్థానంలో ఉన్నది హ్యుందాయ్ కాదు, 4.6 లక్షలు అమ్మిన మహీంద్రా. అక్కడ మారుతి సాపేక్ష వాటా 1.4 మాత్రమే. హెండర్సన్ పట్టికలో వాటా ఒక గీత, మార్కెట్ వృద్ధి మరో గీత. వృద్ధికి మామూలుగా 10 శాతాన్ని హద్దుగా పెట్టుకుంటారు. 2023-24లో మార్కెట్ మొత్తం 8 శాతం పైచిలుకు పెరిగింది కాబట్టి ఆ లెక్కన మారుతి ‘పాడి ఆవు’ గడిలో కూర్చుంటుంది. యుటిలిటీ వాహనాలు ఒక్క ఏడాదిలోనే దాదాపు 26 శాతం పెరిగాయి. ఆ లెక్కన అదే కంపెనీ ‘స్టార్’ గడిలోకి మారుతుంది. పాడి ఆవు నుంచి డబ్బు పిండుకోమంటుంది పట్టిక, స్టార్ మీద డబ్బు పెట్టమంటుంది. మార్కెట్ హద్దు ఎక్కడ గీశామన్నదాన్ని బట్టి సలహా తలకిందులవుతోంది.

పోటీదారు ఎవరన్న ప్రశ్న కూడా ఇలాంటిదే. పెనుకొండ దగ్గరి ఎర్రమంచిలో కార్లు తయారుచేసే కియా, హ్యుందాయ్ గ్రూపు కంపెనీ. 2019 ఆగస్టులో సెల్టోస్‌తో ఇక్కడ అమ్మకాలు మొదలుపెట్టి, 2023-24లో దేశీయంగా సుమారు 2.45 లక్షల వాహనాలు అమ్మింది. రెండు కంపెనీల ఇంజిన్లు, విడిభాగాలు చాలావరకు ఉమ్మడివే కాబట్టి, ఖర్చులో వెసులుబాటు కోసం లెక్క వేసేటప్పుడు వాటిని కలిపి చూడటమే సబబు. అప్పుడు భాజకం 8.6 లక్షలు, మారుతి సాపేక్ష వాటా 2.05. 2018-19లో కియా లేదు కాబట్టి అప్పటి 3.17 మారదు. విడివిడిగా చూస్తే 3.17 నుంచి 2.86కు మెల్లగా జారినట్టు కనిపించిన ఆధిక్యం, కలిపి చూస్తే మూడో వంతు కరిగిపోయింది.

పై అంకెలన్నీ కంపెనీలు డీలర్లకు పంపిన బళ్ల లెక్కలు. డీలర్ల సమాఖ్య ఫాడా మాత్రం ‘వాహన్’ పోర్టల్‌లోని రిజిస్ట్రేషన్ల నుంచి చిల్లర అమ్మకాలు లెక్కగడుతుంది. తెలంగాణ ఆ పోర్టల్‌లో లేకపోవడంతో 2023-24 ఫాడా లెక్కల్లో ఆ రాష్ట్రం అమ్మకాలు కలవలేదు. లవం ఒకచోటి నుంచి, హారం ఇంకోచోటి నుంచి తీసుకుంటే హైదరాబాద్‌లో అమ్ముడైన బళ్లన్నీ ఒక వైపు లెక్కలోకి వచ్చి, మరో వైపు రాకుండా పోతాయి.