ఎదురు పందెం లెక్క

2017 ఆగస్టు 23న నంద్యాల ఉప ఎన్నిక పోలింగ్ ముగిసింది. ఓట్ల లెక్కింపు 28న. భూమా నాగిరెడ్డి మరణంతో వచ్చిన ఆ ఎన్నికలో తెలుగుదేశం నుంచి భూమా బ్రహ్మానందరెడ్డి, వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి శిల్పా మోహన్‌రెడ్డి తలపడ్డారు. ఎవరు గెలుస్తారు, మెజారిటీ ఎంత అన్నదాని మీద పందేలు జోరుగా సాగుతున్నాయని అప్పట్లో పత్రికలు రాశాయి. ఓట్లు యంత్రాల్లో భద్రంగా ఉన్నాయి, ఫలితం ఇక మారదు. కానీ ఆ ఫలితం గురించి జనం అనుకునేది మాత్రం పూటపూటకీ మారుతుంది. దాన్ని బట్టి పందెం రేటూ మారుతుంది. నెలల ముందు పందెం కట్టినవాడికి అసలు పరీక్ష ఇలాంటి రోజుల్లోనే. ఫలితం దాకా ఆగాలా, లేక అవతలి పక్క కూడా కొంత కట్టి ఏం జరిగినా తనకు ఇంత అని తేల్చుకోవాలా?

ఈ రెండో పనినే హెడ్జింగ్ అంటారు. క్రికెట్ బుకీల భాషలో ఇది బుక్ సెట్ చేసుకోవడం. మన మాటల్లో ఎదురు పందెం. ఆంధ్రప్రదేశ్‌లో పందెం కట్టడం 1974 నాటి గేమింగ్ చట్టం ప్రకారం నేరం. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025లో కేంద్రం కూడా చట్టం చేసి నిషేధించింది. అందుకని ఇక్కడ చెప్పేది పందెం కట్టే పద్ధతి కాదు. ‘ఫైనల్‌కు ముందు ఎదురు పందెం కడితే లాభం గ్యారంటీ’ అనే మాటలో ఎంత నిజముందో లెక్క వేసి చూడటం.

ఎన్నికకన్నా క్రికెట్‌తో లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. 2024 ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్ ఫైనల్‌కు చేరింది. మే 26న చెన్నైలో కోల్‌కతా నైట్‌రైడర్స్‌తో ఆట. రేట్లు నేను అనుకున్నవే, అసలువి కావు. సీజన్ మొదలవకముందే ఒకాయన హైదరాబాద్ కప్పు గెలుస్తుందని రూపాయికి ఎనిమిది రూపాయల లెక్కన 10,000 కట్టాడనుకుందాం. గెలిస్తే 80,000 లాభం, కట్టిన 10,000 కలిపి చేతికి 90,000. ఫైనల్ ముందు రోజుకు కోల్‌కతా రేటు రూపాయికి 70 పైసలు. అంటే కోల్‌కతా మీద వంద కడితే గెలిచినప్పుడు అసలుతో కలిపి 170 వస్తుంది.

ఎవరు గెలిచినా ఒకే మొత్తం మిగలాలంటే కోల్‌కతా మీద ఎంత కట్టాలి? రెండు పక్కల నుంచీ చేతికొచ్చే సొమ్ము సమానం కావాలి. హైదరాబాద్ గెలిస్తే వచ్చేది 90,000. కోల్‌కతా గెలిచినా అంతే రావాలంటే 90,000ను 1.70తో భాగించాలి. 52,941 రూపాయలు వస్తుంది. ఇప్పుడు హైదరాబాద్ గెలిస్తే వచ్చిన 90,000లోంచి మొదటి 10,000, రెండో 52,941 పోగా 27,059 మిగులుతుంది. కోల్‌కతా గెలిస్తే ఆ పందెం మీద 37,059 లాభం, మొదటి 10,000 నష్టం. మిగిలేది మళ్లీ 27,059. ఆ రోజు జరిగింది అందరికీ తెలుసు. హైదరాబాద్ 113 పరుగులకే కుప్పకూలింది, కోల్‌కతా ఎనిమిది వికెట్లతో నెగ్గింది. ఎదురు పందెం లేనివాడికి పదివేలూ పోయినట్టే.

అంత పెద్ద మొత్తం కట్టడం ఇష్టం లేనివాడు, చేతిసొమ్ము పోకుండా ఉంటే చాలనుకునేవాడు చిన్న ఎదురు పందెంతో సరిపెట్టుకోవచ్చు. కోల్‌కతా గెలిస్తే 10,000 లాభం రావాలి, అంతే. 10,000ను 0.70తో భాగిస్తే 14,286. కోల్‌కతా గెలిస్తే లాభమూ లేదు, నష్టమూ లేదు. హైదరాబాద్ గెలిస్తే 65,714 మిగులుతుంది. ఈ రెంటికీ మధ్య ఎంత కట్టినా ఒక పక్క రూపాయి తగ్గితే మరో పక్క 70 పైసలు పెరుగుతుంది.

రేటు అడ్డం తిరిగితే ఇదే లెక్క నష్టాన్ని తగ్గించడానికి పనికొస్తుంది. ఒక అభ్యర్థి మీద రూపాయికి 60 పైసల లెక్కన 10,000 కట్టాక గాలి మారి, అవతలి అభ్యర్థి రేటు 30 పైసలకు వచ్చిందనుకోండి. మొదటి పందెం గెలిస్తే చేతికొచ్చేది 16,000. దాన్ని 1.30తో భాగించి 12,308 అవతలివైపు కడితే ఎవరు గెలిచినా 6,308 నష్టం. పదివేలు పోయేచోట ఆరువేల చిల్లరతో బయటపడతాడు. కానీ నష్టం ఖాయమైపోయింది, తన అభ్యర్థి గెలిచినా అది తిరిగి రాదు. లాభాన్నో నష్టాన్నో ఉన్నచోట ఆపేయడమే ఎదురు పందెం చేసే పని. కొత్తగా డబ్బు పుట్టించే శక్తి దానికి లేదు. ఐపీఎల్ లెక్కలో 27,059 వచ్చిందంటే ఎనిమిది రెట్లున్న రేటు రెండు నెలల్లో దిగిరావడం వల్లే.

ఆ ఆపేయడానికి ఖరీదూ ఉంది. ఫైనల్ ముందు రోజున కోల్‌కతాకు రూపాయికి 70 పైసలిచ్చే బుకీ హైదరాబాద్‌కు రూపాయీ 20 పైసలే ఇస్తాడనుకుందాం. ఈ రేట్లను గెలిచే అవకాశాలుగా మారిస్తే కోల్‌కతాకు నూటికి 58.8, హైదరాబాద్‌కు 45.5 వస్తాయి. కలిపితే వంద దాటి 104.3. ఆ పైనున్నదే బుకీ బతుకుతెరువు. దాన్ని తీసేసి చూస్తే హైదరాబాద్‌కు నిజమైన అవకాశం నూటికి 43.6. అంటే ఎదురు పందెం లేకుండా ఆగినవాడికి సగటున దక్కేది 29,231 రూపాయలు. ఎదురు పందెం కట్టినవాడికి ఖాయంగా దక్కేది 27,059. తేడా 2,172. నిశ్చింతకు బుకీకి చెల్లించిన ధర అది. పదివేలు పోతే ఇల్లు గడవనివాడికి ఆ ధర న్యాయంగానే కనిపిస్తుంది. ప్రతి పందేనికీ ఇలాగే ఎదురు పందెం కడుతూ పోయేవాడు మాత్రం ప్రతిసారీ రెండోసారి కమిషన్ ఇచ్చుకుంటున్నాడు.

లెక్క ఇంతవరకు తప్పుపట్టలేనిది. అది కూలేది మరోచోట. రెండు పందేలూ ఒకే సంగతి మీద ఉన్నాయని మనం అనుకున్నాం. మొదటిది ‘కప్పు ఎవరిది’ అని, రెండోది ‘ఈ ఆట ఎవరు గెలుస్తారు’ అని. రెండూ ఒకటేలా కనిపిస్తాయి, కానీ కాదు. 2023 ఫైనల్ వాన వల్ల మే 28 నుంచి రిజర్వ్ రోజైన 29కి జరిగింది, ఆ రోజూ చెన్నై ఇన్నింగ్స్‌ను 15 ఓవర్లకు కుదించాల్సి వచ్చింది. అసలు ఆటే సాగకపోయి ఉంటే లీగ్ పట్టికలో మొదట నిలిచిన గుజరాత్‌కు కప్పు దక్కేది. 2024లో పట్టికలో మొదటిది కోల్‌కతా. ఆ ఫైనల్ వానకు కొట్టుకుపోయి ఉంటే కప్పు కోల్‌కతాది, కాబట్టి హైదరాబాద్ మీది పందెం ఓడినట్టు. ఆటలో ఎవరూ గెలవలేదు కాబట్టి ఎదురు పందెం రద్దు, 52,941 వెనక్కి. 27,059 లాభం గ్యారంటీ అనుకున్నవాడికి చివరికి మిగిలేది పదివేల నష్టం.

నంద్యాల ఎన్నికలాంటి చోట ఈ చిక్కు ఇంకా పెద్దది, అక్కడ మెజారిటీ మీద కూడా పందేలుంటాయి కనుక. తెలుగుదేశానికి ఇరవై వేలకు పైగా మెజారిటీ వస్తుందని ఒకడు కట్టాడు. తర్వాత భయపడి, వైఎస్సార్ కాంగ్రెస్ గెలుస్తుందని అవతలివైపూ కట్టాడు. చూడటానికి రెండు వైపులా కాపు కాసినట్టే ఉంది. కానీ తెలుగుదేశం పదివేలతో గెలిస్తే? రెండు పందేలూ పోతాయి. సున్నాకు, ఇరవై వేలకు మధ్య ఉన్న ఖాళీని ఏ పందెమూ కాయలేదు. దీనికి తలకిందులైన అమరికా ఉంది. పదివేలకు పైగా వస్తుందని ఒకచోట, ముప్ఫై వేల లోపే వస్తుందని ఇంకోచోట, రెండూ రూపాయికి రూపాయి లెక్కన కట్టినవాడికి పదికీ ముప్ఫైకీ మధ్య ఎక్కడ తేలినా రెండు వైపులా లాభమే. బయట తేలితే ఒకటి వచ్చి ఒకటి పోతుంది. ఆగస్టు 28న బ్రహ్మానందరెడ్డికి 97,076 ఓట్లు, మోహన్‌రెడ్డికి 69,610 ఓట్లు వచ్చాయి. మెజారిటీ 27,466. మొదటి మనిషి మొదటి పందెంతోనే ఆగి ఉంటే ఎదురు పందెం సొమ్ము పోయేది కాదు. రెండో అమరికలో ఫలితం పదికీ ముప్ఫైకీ మధ్యే పడింది. అయినా అక్కడో ప్రశ్న మిగిలే ఉంది. తెలుగుదేశం ఓడిపోయి ఉంటే ‘ముప్ఫై వేల లోపు’ అన్న మాట నెగ్గినట్టా, ఓడినట్టా? ముందే తేల్చుకోకపోతే మధ్యవర్తి దగ్గర పంచాయితీయే గతి.

పందెం మాటల్లో ఎవరూ ఊహించనివి కూడా జరుగుతాయని పక్కనే ఉన్న ఆళ్లగడ్డ చూసింది. 2014 ఏప్రిల్ 24న అక్కడి వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి శోభా నాగిరెడ్డి రోడ్డు ప్రమాదంలో గాయపడి కన్నుమూశారు. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థి మరణిస్తేనే పోలింగ్ వాయిదా వేయాలని చట్టం. అప్పటికి ఆ పార్టీకి గుర్తింపు లేదు. అందువల్ల మే 7న ఆమె పేరుతోనే పోలింగ్ జరిగింది, ఓటర్లు ఆమెనే గెలిపించారు. ఆ తర్వాతి ఉప ఎన్నికలో ఆమె కుమార్తె అఖిలప్రియ పోటీ లేకుండా ఎన్నికయ్యారు. ఒక నియోజకవర్గం అంత దుఃఖంలో ఉన్నప్పుడు పందెం గురించి మాట్లాడటం సబబు కాదు. అయితే గెలిచిన అభ్యర్థి జీవించి లేని ఫలితాన్ని ఎలా లెక్కించాలో, పోలింగే జరగని ఎన్నికలో మెజారిటీ ఎంతో ఏ నోటి ఒప్పందంలోనూ రాసుకోరు. ఒక మధ్యవర్తి రద్దంటాడు, ఇంకొకడు చెల్లుతుందంటాడు. ఎదురు పందెం కట్టినవాడికి ఒక చేయి విరిగితే రెండో చేయి మీద మొత్తం బరువు పడుతుంది.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం డబ్బు ఎగ్గొట్టడం. భారత కాంట్రాక్ట్ చట్టం, 1872లోని 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, గెలిచిన సొమ్ము కోసం కోర్టులో దావా వేయడానికి వీల్లేదు. ఇప్పుడు మన ఐపీఎల్ లెక్కకు తిరిగి వెళ్దాం. హైదరాబాద్ గెలిచిందనుకోండి. కోల్‌కతా మీద కట్టిన 52,941 పోయింది, అది అప్పటికే చెల్లించేశాడు. ఇక మొదటి బుకీ 90,000 ఇవ్వాలి. అతను ఫోన్ కట్టేసి ఊరొదిలితే మొత్తం నష్టం 62,941. ఎదురు పందెం కట్టకముందు అతను భరించాల్సిన నష్టం గరిష్ఠంగా పదివేలే. నష్టాన్ని అదుపు చేయడానికి చేసిన పని దాన్ని ఆరు రెట్లకు పైగా పెంచింది. మొదటి రేటు ఎంత ఊరించేదిగా ఉంటే ఎదురు పందెం అంత పెద్దదవుతుంది, అవతలివాడు ఎగ్గొట్టడానికీ అంత కారణం దొరుకుతుంది.

చట్టబద్ధమైన వాయిదా మార్కెట్లలో ఈ చిక్కుకు విరుగుడు ఉంది. కొన్నవాడికీ అమ్మినవాడికీ మధ్య క్లియరింగ్ సంస్థ నిలబడి, ఇద్దరి దగ్గరా ముందే మార్జిన్ కట్టించుకుంటుంది. రేటు మారినప్పుడల్లా ఆ రోజు తేడాను ఆ రోజే వసూలు చేస్తుంది. అప్పు పేరుకోదు కాబట్టి పారిపోవడానికి పెద్ద మొత్తమే మిగలదు. నంద్యాల నల్లరేగడిలో శనగ వేసిన రైతుకు పందెం కట్టకపోయినా ధర మీద అనిశ్చితి ఉంటుంది. కోతకు ముందే రేటు ఖాయం చేసుకోవడం అతనికి నిజమైన అవసరం. ధరలు ఎగబాకుతున్నాయని 2021 ఆగస్టులో సెబీ ఎన్‌సీడీఈఎక్స్‌లో శనగల కొత్త వాయిదా కాంట్రాక్టులను ఆపించింది, తర్వాత ఆ నిలుపుదలను పొడిగిస్తూ వచ్చింది. కప్పు మీద ఎదురు పందెం కట్టేవాడికి నోటిమాట బుకీలు దొరుకుతారు. ఈ రైతుకు అవసరమైన ఎదురు కాంట్రాక్టు మాత్రం, దాన్ని పూచీ పడి నడిపే సంస్థ ఉండి కూడా, అందకుండా పోయింది.