యతికి నింగ్లీషున నేమి పేరు? – సంపాదకునకొక యనువాదకుని లేఖ



మన తెలుగున వ్రాసిన యొక పరిశోధనవ్యాసము నింగ్లీషులోనికి మార్చి పత్రికకు బంపునప్పుడు, అనువాదకుడు సంపాదకునకు దానితోపాటొక చిన్న లేఖ వ్రాయుట యాచారము. పూర్వము టపాలో బోయెడు నా లేఖ యిప్పుడు ఈమెయిలుగా క్షణములో బోవుచున్నది. అందు ముఖ్యముగా నుండవలసినది, తానే పారిభాషికపదమున కే యింగ్లీషుమాట నేల యెన్నుకొనెనో తెలుపు సంజాయిషీ. ఆ సంజాయిషీ లేకపోయిన నేమగునో నేను గన్న యొక యుదాహరణముచే మనవి చేసెదను.

నా యొద్ద జదివిన శిష్యు డొకడు, తెలుగు ఛందస్సును గూర్చి యొక పండితుడు వ్రాసిన వ్యాసము నింగ్లీషు చేసి యొక పత్రికకు బంపెను. కొన్ని మాసములకది తిరిగి వచ్చెను. పరీక్షించినవారు వ్రాసిన మాట యిది: "రచయిత తన్ను దానే ఖండించుకొనుచున్నాడు." పండితుడు మిగుల నొచ్చుకొనెను. శిష్యుడు రెండు ప్రతులును దెచ్చి నా ముందు బెట్టెను. తెలుగులో దప్పు లేదు. తప్పంతయు "యతి" యను నొక్క మాట దగ్గఱ నున్నది.

వ్యాసములోని వాక్యమిది: "ఈ కవి యతి నెచ్చటను దప్పలేదు, కాని యతిస్థానమున బదమును విఱుచుట యాతని కభిమతము కాదు." మనకిది తేటతెల్లము. శిష్యుడు నిఘంటువు జూచి యతికి "సిజూరా" యని వ్రాసెను. ఆ మాటకు పాదమధ్యమున నొక పదము ముగిసి స్వర మాగుట యని యర్థము. కావున నింగ్లీషు చదువరికి వాక్య మిట్లు దోచెను: "ఈ కవి విరామము నెచ్చటను దప్పలేదు, కాని విరామస్థానమున విరామ ముంచుట యాతని కిష్టము లేదు." దీనిని వైరుధ్యమనక యేమందురు?

నిఘంటువు పూర్తిగా నబద్ధ మాడలేదు. సంస్కృతమున యతి యనగా విశ్రామమే. అచ్చట పదము ముగియవలెను. తెలుగున నట్లు కాదు. పాదము మొదటి యక్షరమునకును, నియతమైన యొక స్థానమందలి యక్షరమునకును మైత్రి కుదురుటయే మన యతి. దానినే వడి యనియు వళి యనియు నందుము. ఉత్పలమాలకు బదవ యక్షరము, చంపకమాలకు బదునొకండవది, శార్దూలమునకు బదుమూడవది, మత్తేభమునకు బదునాల్గవది యతిస్థానము. అచ్చట పదము విఱుగ నక్కఱలేదు.

దృష్టాంతమునకై నేనే యొక యుత్పలమాల పాదము గూర్చితిని. "కాలము రాగ దామర వికాసము నొందును నీటిలోపలన్." మొదటి యక్షరము కా. లెక్కించి చూడుడు, పదవ యక్షరమును "వికాసము"లోని కా. యతి చక్కగా గుదిరినది. కాని "వి" తొమ్మిదవ యక్షరము, "కా" పదవది. యతిస్థానము పదము నడుమ బడినది. చదువువా డచ్చట నాగినచో మాటయే చెడును. యతి కలదు, విరామము లేదు. పండితుడు చెప్పినది సరిగా నిదియే.

అట్లయిన దీనిని "ఆలిటరేషన్" అనరాదా యని శిష్యు డడిగెను. అదియు బొసగదు. ఆ మాటకు దగ్గఱదగ్గఱ పదముల మొదట నొకే ధ్వని మరలమరల వచ్చుట యని వారి భావము. మన యతి యొక్క నియతస్థానమున మాత్రమే చూడదగినది. అంతియే కాక కకారమునకు గకారముతోను మైత్రి చెల్లును. హల్లుతోపా టచ్చునకును మైత్రి యుండవలెను. "కా" మొదట నున్న బదవచోట "గ" చెల్లును గాని "గు" చెల్లదు. ఇంత నియమము నా యింగ్లీషుమాట మోయజాలదు.

కావున రెండవమాఱు బంపునప్పుడు శిష్యుడు "యతి" యను మాటనే ఇంగ్లీషు లిపిలో నుంచి, మొదటిసారి వచ్చినచోట నొక వాక్యముతో వివరించెను. సంపాదకున కతడు వ్రాసిన లేఖలోని సారమిది:

"అయ్యా, వ్యాసమును సవరించి మరల బంపుచున్నాను. మొదటి ప్రతిలో యతికి నేను వాడిన మాట తప్పు. ఆ దోషము నాది గాని రచయితది కాదు. తెలుగు యతి విరామము కాదు, అక్షరమైత్రి. అందుచే నామాటను మార్చక యుంచితిని. ప్రాసకును 'రైమ్' అని వ్రాయలేదు. రైమ్ పాదాంతమున నుండును, మా ప్రాస ప్రతిపాదమునందును రెండవ యక్షరపు హల్లు. పాదమును మాత్రము 'లైన్' అనియు, గణమును 'ఫుట్' అనియు వ్రాసితిని. గురులఘువులకు 'హెవీ', 'లైట్' అని వాడితిని. తమ పత్రిక యాచారము వేఱయిన దెలుపగోరెదను. కాని యతిని సిజూరాగా మార్పవలదని ప్రార్థన."

ఇందు రెండు మాటలకు వివరణము కావలెను. పాదమనగా అడుగు గదా, దానిని ఇంగ్లీషున "ఫుట్" అనరాదా యని తోచును. కాని వారి ఛందస్సున ఫుట్ అనునది పాదము కాదు. పాదములోని చిన్న తునక, అనగా మన గణము వంటిది. అక్షరార్థము బట్టి పోయినచో నాలుగు పాదముల పద్యము నాలుగు గణముల పద్యమగును! ఇక గురువును "లాంగ్" అననేల యనగా, పైపాదములో "నొందును" అను మాట చూడుడు. "నొం" అందలి యచ్చు హ్రస్వమే. అయినను సున్న యుండుటచే నది గురువు. లాంగ్ అన్నచో జదువరి యచ్చు దీర్ఘమని భ్రమపడును. హెవీ అన్నచో నక్షరపు బరువే చెప్పినట్లగును.

అన్ని మాటలను దెలుగుననే యుంచిన నేమి యందురేమో. అట్లు చేసిన ఇంగ్లీషు చదువరికి వ్యాస మొక ముండ్లకంప యగును. శిష్యునకు నేను జెప్పిన కొలత యిది. ఇంగ్లీషుమాట మన భావములో గొంత తక్కువ చెప్పినను బరవాలేదు, వాడవచ్చును. లేని దానిని గల్పించి చెప్పినచో విడువవలెను. సిజూరా లేని విరామమును గల్పించినది. లైన్ అట్లేమియు గల్పింపలేదు.

తప్పు ముందే పట్టుట కొక యుపాయము గలదు. అనువాదములోని సందేహవాక్యమును, మూలము చూడని మఱియొకని కిచ్చి తెలుగు చేయుమనవలెను. వెనుకటి భావమే తిరిగి వచ్చిన మాట నిలిచినది. వేఱొకటి వచ్చిన మాట మార్పవలెను. సిజూరా యున్న వాక్యమును మా యూరి యుపాధ్యాయున కిచ్చి చూచితిమి. అతడు తెలుగు చేసి, "ఈ కవి యాగునా, ఆగడా?" యని నవ్వెను. ఈ పరీక్షకును హద్దు కలదు: చేయువాడు ఛందస్సు బాగుగా నెఱిగినవాడైన, తప్పుమాటనైనను దనంతట దిద్దుకొని చదివి మనలను మోసపుచ్చును. కావున విషయ మెఱుగని వానినే కోరవలెను.

రెండవమాఱు వ్యాస మంగీకృతమైనది. పరీక్షించినవా రీసారి వైరుధ్య మనలేదు, "పదము విఱుగని యతి యెన్నిచోట్ల నున్నది?" యని యడిగిరి. పండితుడు సంతోషముతో లెక్కింప గూర్చుండెను. తాను జెప్పిన విషయమును గూర్చి ప్రశ్న వచ్చినదని యాతని యానందము. మొదటిమాఱు వచ్చినది తాను జెప్పని దానికి శిక్ష.