నల్ల స్క్రీన్‌షాట్ తెల్లబడాలంటే

2019లో ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 13 వచ్చాక ఫోన్లలో డార్క్ థీమ్ మామూలు విషయమైపోయింది. తెర మీద అది బాగానే ఉంటుంది. చిక్కు వచ్చేదల్లా ఆ తెరను స్క్రీన్‌షాట్ తీసి కాగితం మీద అచ్చు వేయాల్సి వచ్చినప్పుడే. నల్లని మేర మీద తెల్లని అక్షరాలుంటే చుట్టూ ఉన్న సిరా కొద్దిగా లోపలికి పాకి సన్నని గీతల్ని మింగేస్తుంది. ఇంగ్లీషు అక్షరాలు కొంతవరకు తట్టుకుంటాయి గానీ, మన ఒత్తులూ గుడులూ సున్నాల లోపలి ఖాళీలూ ముందుగా పూడిపోతాయి. యాప్ ఎలా వాడాలో చెప్పే తెలుగు కరపత్రంలో బొమ్మలు చదవడానికి వీలుగా ఉండాలంటే అవి తెల్లటి నేపథ్యం మీద ఉండటమే మేలు.

యాప్ చేతిలో ఉంటే సెట్టింగ్స్‌లో లైట్ థీమ్ పెట్టి మళ్లీ స్క్రీన్‌షాట్ తీసుకోవడం కంటే మంచి దారి లేదు. కానీ కొన్ని యాప్‌లలో లైట్ థీమ్ ఉండనే ఉండదు. కొన్నిసార్లు ఆ పాత వెర్షన్ ఇప్పుడు దొరకదు, లేదా ఆ రోజు తెర మీదున్న సమాచారం మళ్లీ రాదు. అప్పుడు ఉన్న బొమ్మలోనే రంగులు మార్చుకోవాలి. అక్షరాలు మళ్లీ టైపు చేయకుండా, బటన్లు మళ్లీ గీయకుండా ఈ పని శుభ్రంగా చేయొచ్చు. దానికి కావలసింది చేతి నేర్పు కాదు, చిన్న లెక్క.

చాలామంది మొదట ప్రయత్నించేది ఇన్వర్ట్. ప్రతి పిక్సెల్‌కూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలుంటాయి. ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా ఉంటుంది. ఇన్వర్ట్ ఆ అంకెను 255 నుంచి తీసేస్తుంది. నలుపు తెలుపవుతుంది, నిజమే. కానీ ఊదా రంగు బటన్ ముదురు ఆకుపచ్చగా మారుతుంది, మనిషి ఫొటో నెగెటివ్ అవుతుంది, బటన్ కింద ఉన్న నీడ తెల్లటి వెలుగులా కనిపిస్తుంది. ఇంకో తేడా వెంటనే కంటికి ఆనదు. డార్క్ థీమ్‌లో కార్డు తన వెనకున్న బ్యాక్‌గ్రౌండ్ కంటే కొంచెం లేతగా ఉంటుంది. లైట్ థీమ్‌లో కూడా సాధారణంగా కార్డే తెల్లగా, వెనకది కొంచెం బూడిదగా ఉంటుంది. ఇన్వర్ట్ చేస్తే కార్డు వెనకదాని కంటే ముదురుగా తేలుతుంది. పైకి ఉబ్బి కనిపించాల్సింది గుంటలా కనిపిస్తుంది.

రెండో ప్రయత్నం పెయింట్ బకెట్. నలుపు మీద నొక్కి తెలుపు పోస్తారు, అక్షరాల తెలుపు మీద నొక్కి నలుపు పోస్తారు. ఇందులో వచ్చే తప్పును నిదానంగా చూడాలి, ఎందుకంటే అసలు మందు అందులోనే దొరుకుతుంది.

బొమ్మను 800 శాతానికి పెద్దది చేసి ఒక అక్షరాన్ని చూడండి. ‘ర’ గుండ్రదనం నిజానికి మెట్లు మెట్లుగా ఉండే చదరాలతో తయారైంది. ఆ మెట్లు కనిపించకుండా అంచుల్లో మధ్యస్థపు బూడిద రంగులు వేస్తుంది ఫోన్. అంచు పిక్సెల్ అంటే డికాక్షనూ పాలూ కలిపిన కాఫీ లాంటిది. అందులో అక్షరం రంగు ఎంత పాలో, వెనక రంగు ఎంత పాలో ఒక నిష్పత్తి ఉంటుంది. తెలుగు లిపిలో అన్నీ వంపులే కాబట్టి చిన్న సైజు అక్షరంలో పూర్తి రంగున్న పిక్సెళ్ల కంటే ఈ కలిపిన పిక్సెళ్లే ఎక్కువ ఉండటం మామూలు.

కార్డు రంగు 30, అక్షరం రంగు 226 అనుకుందాం. బయటి అంచులో అయిదో వంతు అక్షరం, మిగతాది కార్డు ఉన్న పిక్సెల్ విలువ 69. కార్డు 255గానూ అక్షరం 33గానూ మారితే, అదే నిష్పత్తి ప్రకారం ఈ పిక్సెల్ 211 కావాలి. బకెట్ దాన్ని ముట్టుకోదు. 69 అలాగే ఉండిపోతుంది, తెల్లని కార్డు మీద నల్లటి గీతలా. లోపలి అంచులో అయిదింట నాలుగు వంతులు అక్షరమున్న పిక్సెల్ 187 నుంచి 77కు దిగాలి. అదీ దిగదు, నల్లని అక్షరం లోపల తెల్లటి చారలా మిగులుతుంది. బకెట్ పనిలో ప్రతి అక్షరం చుట్టూ మురికి పట్టినట్టు కనిపించడానికి కారణం ఇదే.

అంటే మనకు కావలసింది రెండు చివరల్ని మార్చడమే కాదు, మధ్యలో ఉన్న ప్రతి విలువనూ నిష్పత్తి చెడకుండా మార్చడం. అది చేయగలిగేది సరళరేఖ. ఒక చివర 30ని 255కు, ఇంకో చివర 255ని 0కు కట్టేసి మధ్యలో తిన్నగా గీత గీస్తే, ఏ పిక్సెల్‌లో ఏ పాలు ఉందో అదే పాలు కొత్త రంగుల్లోనూ నిలుస్తుంది.

```
new = 255 - (old - 30) * 255 / 225
```

ఈ లెక్కను చేతితో చేయనక్కర్లేదు. ఉచితంగా దొరికే గింప్‌లో Colors > Levels ఇదే పని చేస్తుంది. పైన Input Levels గడుల్లో 30, 255 అని, కింద Output Levels గడుల్లో ఎడమవైపు 255, కుడివైపు 0 అని టైపు చేస్తే చాలు. మధ్యలో ఉండే గామా 1 దగ్గరే ఉండాలి. కదిలిస్తే గీత వంగుతుంది, అక్షరాల మందం మారిపోతుంది.

ఇప్పుడొక తెర తీసుకుని పూర్తిగా చేద్దాం. గూగుల్ మెటీరియల్ డిజైన్ సూచించిన డార్క్ థీమ్ రంగులతో ఉన్న చిన్న నోట్స్ యాప్ అనుకోండి. వెనక బ్యాక్‌గ్రౌండ్ `#121212`, అంటే 18. కార్డు `#1E1E1E`, అంటే 30. శీర్షిక 87 శాతం తెలుపు, కింద వివరం 60 శాతం తెలుపు. కార్డు మూల ఊదా రంగు నక్షత్రం, పైన ఒక ఫొటో.

కార్డు మీద శీర్షిక విలువ 226, వివరం విలువ 165. పైన చెప్పిన Levels వేస్తే 226 కాస్తా 33 అవుతుంది, 165 కాస్తా 102 అవుతుంది. ఇక్కడే నాకు ఈ పద్ధతి మీద ఇష్టం పెరిగింది. అదే కంపెనీ లైట్ థీమ్‌లో శీర్షికకు 87 శాతం నలుపు, వివరానికి 60 శాతం నలుపు వాడమంది. తెల్ల కాగితం మీద లెక్కకట్టి చూస్తే అవి సరిగ్గా 33, 102. మనం వేసిన గీత తెలుపును నలుపుకూ, కార్డును తెలుపుకూ కట్టేసింది కాబట్టి ఏ శాతంలో ఉన్న అక్షరమైనా తనంతట తానే సరైన చోటికి చేరుతుంది. ఒక్కో అక్షరం రంగును విడిగా మార్చే పని లేదు.

బ్యాక్‌గ్రౌండ్‌కు మాత్రం వేరే గీత కావాలి. కార్డును చతురస్రపు సెలెక్షన్‌తో పట్టుకుని మొదటి Levels వేయాలి. కార్డు మూలలు గుండ్రంగా ఉంటే సెలెక్షన్ ఆప్షన్లలో `Rounded corners` టిక్ పెట్టాలి. తర్వాత Select > Invert నొక్కితే కార్డు తప్ప మిగతాదంతా పట్టుబడుతుంది. దానికి ఇన్‌పుట్ 18, 255. అవుట్‌పుట్ 245, 0. వెనక భాగం లేత బూడిద `#F5F5F5` అవుతుంది, కార్డు దాని మీద తెల్లగా నిలుస్తుంది. ఇంకో మేలు కూడా ఉంది. బటన్ల నీడలు 18 కంటే ముదురుగా ఉంటాయి కదా, Levels లో `Clamp input` టిక్ పెడితే అవన్నీ 245 దగ్గరే ఆగిపోతాయి. ఇన్వర్ట్‌లో వచ్చిన తెల్లటి వెలుగు ఇక్కడ రాదు. కార్డు మూలల్లో ఒకటి రెండు పిక్సెళ్లు ఉండాల్సిన దానికంటే కొంచెం ముదురుగా రావచ్చు. అచ్చులో అది కనిపించదు.

ఈ రెండు అడుగులకూ ముందే చేయాల్సినవి ఫొటో, నక్షత్రం. ఒక్కో చోటుకు ఒకే గీత పడాలి, ఒకదాని మీద ఒకటి పడకూడదు. ఫొటోను సెలెక్షన్ల నుంచి తప్పించాలి, దానికి ఏ మార్పూ వద్దు. నక్షత్రం రంగు `#BB86FC`. దీన్ని అలాగే వదిలేస్తే తెలుపు మీద పాలిపోయి కనిపిస్తుంది. తెలుపుతో దాని కాంట్రాస్టు 2.6 దగ్గరే ఉంటుంది, వెబ్ ప్రమాణాలు గుర్తులకు కనీసం 3, మామూలు అక్షరాలకు కనీసం 4.5 అడుగుతాయి. మెటీరియల్ లైట్ థీమ్‌లో దీని జోడీ `#6200EE`. అది 7 దాటుతుంది. ఇక్కడ ఒక గీత చాలదు, మూడు రంగులకూ మూడు గీతలు కావాలి. Levels పైన ఉండే Channel జాబితాలో ఒక్కో రంగును ఎంచుకుని ఇలా వేయాలి:

```
Red:    30-187  ->  255-98
Green:  30-134  ->  255-0
Blue:   30-252  ->  255-238
```

ఎడమ అంకెలు పాత కార్డు రంగు, పాత ఊదా; కుడి అంకెలు కొత్త కార్డు రంగు, కొత్త ఊదా. నక్షత్రం కోణాలను చూసుకుంటూ సెలెక్షన్ గీయనక్కర్లేదు. దాని చుట్టూ వదులుగా ఒక చతురస్రం పెడితే చాలు, ఎందుకంటే ఆ చతురస్రంలోని కార్డు కూడా 30 నుంచి 255కే వెళుతుంది. పక్కన మిగిలిన కార్డు కూడా అక్కడికే వస్తుంది. అతుకు ఎక్కడా కనిపించదు. అయితే అదే చతురస్రంలో అక్షరాలు పడకూడదు. పడితే వాటికి ఊదా ఛాయ అంటుతుంది. ఒక పెట్టెలో ఉండగలిగేది రెండు రంగులూ, వాటి మిశ్రమమూ మాత్రమే. మూడో రంగు వస్తే పెట్టెను విడదీయాలి. రంగు మారుతూ పోయే గ్రేడియంట్లూ, ఫొటో మీద పరిచిన సగం పారదర్శక పట్టీలూ ఈ పద్ధతికి లొంగనిది ఇందుకే. వాటిలో ‘వెనక రంగు’ అని ఒక అంకె ఉండదు.

పని సరిగ్గా వచ్చిందో లేదో Color Picker తో చూడొచ్చు. కార్డు ఎక్కడ నొక్కినా 255, బ్యాక్‌గ్రౌండ్ ఎక్కడ నొక్కినా 245 రావాలి. తర్వాత 800 శాతంలో అక్షరం అంచు మీద వరుసగా నొక్కుతూ పోతే విలువలు లోపలికి వెళ్లే కొద్దీ తగ్గుతూనే ఉండాలి. మధ్యలో ఒకటి తగ్గి మళ్లీ పెరిగితే ఎక్కడో రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయన్నమాట. అన్నీ సరిగ్గా ఉన్నా, నిజంగా లైట్ థీమ్‌లో తీసిన బొమ్మతో పోలిస్తే అక్షరం మందంలో వెంట్రుకవాసి తేడా ఉండొచ్చు. నల్లని అక్షరాన్నీ తెల్లని అక్షరాన్నీ ఫోన్ ఎప్పుడూ ఒకే మందంతో గీయదు.

మొదలుపెట్టే ముందే అసలు బొమ్మ ఎలాంటిదో చూసుకోవాలి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా వచ్చిన స్క్రీన్‌షాట్ జేపెగ్‌గా కుదించబడి ఉంటుంది. అలాంటి దానిలో కార్డు మీద పది చోట్ల నొక్కితే 30 బదులు 28, 31, 33 అంటూ రకరకాలుగా వస్తుంది. అక్షరాల చుట్టూ ఉండే ఆ చుక్కలు నలుపులో దాగి ఉంటాయి, తెల్లబడగానే బూడిద మచ్చలై బయటపడతాయి. ఇన్‌పుట్‌లో 30 బదులు 36 పెడితే చాలా మచ్చలు తెలుపులో కలిసిపోతాయి, కానీ సన్నని అంచులు కూడా కొంత అరిగిపోతాయి. పంపినవారిని అదే బొమ్మను డాక్యుమెంట్‌గా మళ్లీ పంపమని అడగడం మేలు. అలా పంపితే ఫైలు ఫోన్‌లో ఉన్నది ఉన్నట్టే వస్తుంది.