నూరు కోట్ల వెక్టర్లు, ఎనిమిది షేడ్ కార్డులు

ఫ్రాన్స్‌లోని ఇన్రియా సంస్థ పరిశోధకులు 2011లో నూరు కోట్ల వెక్టర్లున్న సేకరణ ఒకటి అందరికీ అందుబాటులో పెట్టారు. దాని పేరు బిగాన్. ఫొటోల్లోని చిన్న చిన్న భాగాలను సిఫ్ట్ అనే పద్ధతిలో వర్ణించి, ఒక్కో భాగాన్ని 128 అంకెల వరుసగా మార్చగా వచ్చినవి ఈ వెక్టర్లు. ఒకే గోపురాన్ని ఇద్దరు వేర్వేరు చోట్ల నిలబడి ఫొటో తీశారనుకోండి. గోపురంలోని ఒకే మూలకు రెండు ఫొటోల్లోనూ దాదాపు ఒకే అంకెల వరుస వస్తుంది. ఈ రోజుల్లో వాక్యాలకూ, పాటలకూ, అంగట్లో వస్తువులకూ తయారుచేస్తున్న ఎంబెడింగులు కూడా ఈ జాతివే. పోలికలున్నవి దగ్గరగా పడతాయి, లేనివి దూరంగా పడతాయి. వెతకడమంటే ప్రశ్న వెక్టర్‌కు దగ్గరలో ఉన్నవాటిని పట్టుకోవడమే.

చిక్కంతా వాటిని ఎక్కడ పెట్టాలన్న దగ్గరే మొదలవుతుంది. కంప్యూటర్ ఒక దశాంశ సంఖ్యను సాధారణంగా 4 బైట్లలో రాసుకుంటుంది. 128 సంఖ్యలకు 512 బైట్లు, నూరు కోట్ల వెక్టర్లకు 512 జీబీ. సిఫ్ట్ సంఖ్యలు 0 నుంచి 255 లోపు పూర్ణాంకాలు కాబట్టి ఒక్కో బైటుతో సరిపెట్టినా 128 జీబీ తప్పదు. నేటి వాక్య ఎంబెడింగులకు ఆ సౌలభ్యం కూడా ఉండదు. 768 సంఖ్యలున్న వెక్టర్ 3 కేబీ తింటుంది, నూరు కోట్లకు 3 టీబీ అవుతుంది. డిస్కులో పెట్టుకోవచ్చు కదా అంటే పెట్టుకోవచ్చు. కానీ ప్రతి ప్రశ్నకూ డిస్కు మొత్తం చదివించే సెర్చ్ ఎవరికీ పనికిరాదు. ర్యామ్‌లో పట్టాలి.

అందుకు ఎర్వే జెగూ, మతీస్ దూజ్, కార్డీలియా ష్మిడ్ 2011లో ప్రచురించిన పద్ధతి ప్రొడక్ట్ క్వాంటైజేషన్. దీంతో ఒక్కో సిఫ్ట్ వెక్టర్ 8 బైట్లలో ఇమిడిపోతుంది. 512 జీబీ కాస్తా 8 జీబీ అవుతుంది.

రంగుల దుకాణంలో షేడ్ కార్డు చూసే ఉంటారు. మీ గోడ మీదున్న రంగు అచ్చంగా ఆ కార్డులో ఉండకపోవచ్చు. దానికి అతి దగ్గరి గడి చూసి, ఆ నంబరు రాసుకుంటారు. ఇక ఆ రంగును మోసుకు తిరగక్కర్లేదు, నంబరు చాలు. వెక్టర్లకూ ఇలాంటి కార్డు ఒకటి చేసుకోవచ్చు. దాన్నే కోడ్‌బుక్ అంటారు. అయితే నంబరుకు 8 బైట్లు, అంటే 64 బిట్లు కేటాయిస్తే, ఆ నంబర్లన్నిటికీ తలా ఒక గడి ఉండాలి కాబట్టి కార్డులో సుమారు 1.84 లక్షల కోట్ల కోట్ల గడులు కావాలి. అంత కార్డును తయారుచేయడమే అసాధ్యం, దాచడం తరువాతి మాట.

ఈ ముగ్గురూ చేసిందల్లా వెక్టర్‌ను ముక్కలు కోయడం. 128 సంఖ్యలను 16 చొప్పున 8 ముక్కలు చేశారు. ఒక్కో ముక్కకు వేరే కార్డు, ఒక్కో కార్డులో 256 గడులు. 256 నంబర్లకు ఒక బైటు సరిగ్గా సరిపోతుంది. ఎనిమిది కార్డుల్లో కలిపి మనం దాచాల్సిన గడులు 2,048 మాత్రమే, వాటికి పట్టే చోటు 128 కేబీ. కానీ మొదటి కార్డులోని ఏ గడితోనైనా రెండో కార్డులోని ఏ గడినైనా జతచేయవచ్చు, అలా ఎనిమిదింటి దాకా. కాబట్టి వర్ణించగల కలయికలు 256ను ఎనిమిదిసార్లు గుణించినన్ని, అంటే పైన అసాధ్యమన్న ఆ 1.84 లక్షల కోట్ల కోట్లే. దాచేటప్పుడు కార్డులు కూడికలో పెరుగుతాయి, వర్ణించేటప్పుడు గుణకారంలో పెరుగుతాయి. నా దృష్టిలో మొత్తం పద్ధతికి ప్రాణం ఈ ఒక్క తేడాయే.

కార్డులోని గడులను ఎవరూ చేత్తో ఎంచరు. నమూనాగా కొన్ని లక్షల వెక్టర్లు తీసుకుని, ముక్క ముక్కకూ విడిగా కె-మీన్స్ నడుపుతారు. దగ్గర దగ్గరగా ఉన్న ముక్కలు 256 గుంపులవుతాయి, ఒక్కో గుంపు సగటు ఒక గడి అవుతుంది. ఈ పనికి మూలమైన లెక్కను స్టువర్ట్ లాయిడ్ 1957లో బెల్ ల్యాబ్స్‌లో టెలిఫోన్ సంకేతాలను కుదించడం కోసం రాశాడు. అది పత్రికలో అచ్చయింది మాత్రం 1982లో.

ఇప్పుడు చేతి లెక్కగా చూద్దాం. సులువు కోసం నాలుగే సంఖ్యలున్న వెక్టర్, రెండే ముక్కలు. మన వెక్టర్ (11, 3, 52, 40). మొదటి కార్డులో 0వ గడి (0, 0), 1వ గడి (10, 5), ఇంకా దూరంగా మరికొన్ని గడులు. (11, 3)కు దగ్గరిది 1వ గడి. రెండో కార్డులో (52, 40)కి దగ్గరిది 2వ గడి, (50, 45). కాబట్టి ఈ వెక్టర్ కోడ్ 1, 2. అసలు సంఖ్యలను ర్యామ్‌లోంచి తీసేస్తాం.

ఇంతలో (14, 8, 47, 41) అనే ప్రశ్న వచ్చింది. దీన్ని మాత్రం కుదించం, ఉన్నదున్నట్టు ఉంచుతాం. దాని మొదటి ముక్క నుంచి మొదటి కార్డులోని ప్రతి గడికీ ఎంత దూరమో ముందే లెక్కకట్టి పట్టికలో రాసుకుంటాం. దూరాన్ని తేడాల వర్గాల మొత్తంగా తీసుకుంటే 0వ గడికి 260, 1వ గడికి 25 వస్తాయి. రెండో ముక్కకూ అలాగే చేస్తే 2వ గడికి 25 వస్తుంది. ఇక కోడ్ 1, 2 ఉన్న వెక్టర్ దూరం కావాలంటే పట్టికలో రెండు చోట్ల చూసి కూడితే సరి, 25 + 25 = 50. కోడ్ 0, 2 ఉన్నదానికి 260 + 25 = 285. వెక్టర్‌ను తిరిగి విప్పడం గానీ, ఒక్కో సంఖ్యనూ తీసివేసి వర్గం చేయడం గానీ లేదు. బిగాన్ విషయానికొస్తే ప్రశ్నకు 2,048 దూరాల పట్టిక ఒకటి, ఆ తరువాత ఒక్కో వెక్టర్‌కు ఎనిమిది చూపులు, ఏడు కూడికలు. చోటు తగ్గించడానికి చేసిన ఏర్పాటు వేగాన్ని కూడా పెంచింది.

మరి పోగొట్టుకున్నదేమిటి? మన వెక్టర్‌కు అసలు దూరం 60, పట్టిక 50 అంది. అది చిన్న తేడాయే. (8, 6, 49, 47) అనే ఇంకో వెక్టర్ ఉందనుకోండి. దాని ముక్కలు కూడా అవే గడులకు దగ్గర కాబట్టి దాని కోడ్ కూడా 1, 2. దాని అసలు దూరం 80, పట్టిక ప్రకారం అదీ 50. అరవైలో ఉన్నదీ ఎనభైలో ఉన్నదీ ఇప్పుడు సమానం. ఎంత గట్టిగా వెతికినా ఈ రెండిటిలో ఏది ముందో కోడ్ చెప్పలేదు, ఆ సమాచారమే పోయింది. అందువల్ల దూరంగా ఉన్నవాటిని పక్కకు నెట్టడంలో ఈ పద్ధతి నమ్మకమైనది, చివరి పదిమంది వరుస తేల్చడంలో కాదు. అలవాటున్నవాళ్లు కోడ్‌లతో ఒక వెయ్యి మందిని ఎంచి, ఆ వెయ్యింటి అసలు వెక్టర్లను మాత్రం డిస్కు నుంచి తెప్పించి మళ్లీ కొలిచి వరుస పెడతారు.

వెయ్యింటిని ఎంచడానికైనా నూరు కోట్ల కోడ్‌లన్నీ చూస్తే ప్రశ్నకు 800 కోట్ల చూపులు. అందుకే అదే వ్యాసంలో ఇంకో మెట్టు కూడా ఉంది. సేకరణనంతా ముందుగా కొన్ని వేల పెద్ద గుంపులు చేసి, ప్రశ్నకు దగ్గరి గుంపులనే తెరుస్తారు. అలా చేసినప్పుడు ప్రతి కోడ్ పక్కనా అది ఎవరిదో చెప్పే గుర్తింపు సంఖ్య ఉండాలి. దానికి 8 బైట్లు కేటాయిస్తే 8 జీబీ కాస్తా 16 జీబీ అవుతుంది. ర్యామ్ అంచనాలు వేసేటప్పుడు చాలామంది ఈ సగాన్ని మరిచిపోతారు.

ముక్కలు ఎలా కోశామన్నదీ లెక్కలోకి వస్తుంది. సిఫ్ట్‌లో పక్కపక్క సంఖ్యలు ఫొటోలో పక్కపక్క చోట్లవి కాబట్టి వాటిని కలిపి ఉంచితే ఫలితం బాగుంటుంది. ఆ వరుసను కలగాపులగం చేస్తే సరైన జవాబులు తగ్గాయని తొలి వ్యాసంలోనే చూపారు. వాక్య ఎంబెడింగుల్లో ఇంకో ఇబ్బంది ఉంటుంది. కొన్ని సంఖ్యలు చాలా మారుతుంటాయి, కొన్ని దాదాపు కదలవు. బరువంతా ఒక ముక్కలో పడి, ఇంకో ముక్క ఖాళీగా ఉన్నా రెండిటికీ ఒక్కో బైటే. 2013లో వచ్చిన ఓపీక్యూ అనే సవరణ, కోసే ముందు వెక్టర్లన్నిటినీ ఒకే విధంగా తిప్పి బరువును ముక్కలకు పంచుతుంది. తిప్పడం వల్ల వెక్టర్ల మధ్య దూరాలు మారవు, కాబట్టి నష్టం లేదు.

ఫేస్‌బుక్ పరిశోధన విభాగం 2017లో విడుదల చేసిన ఫైస్ లైబ్రరీలో ఇదంతా సిద్ధంగా దొరుకుతుంది. జెగూ, దూజ్ ఇద్దరూ దాని రచయితల్లో ఉన్నారు.

```python
index = faiss.IndexPQ(128, 8, 8)
index.train(xt)
index.add(xb)
D, I = index.search(xq, 10)
```

మొదటి వరుసలోని మూడు అంకెలు వరుసగా వెక్టర్ పొడవు, ముక్కల సంఖ్య, ముక్కకు బిట్లు. `train` అన్నచోట కార్డులు తయారవుతాయి. అక్కడ నమూనా వెక్టర్లు మరీ తక్కువగా ఇస్తే, కనీసం 9984 కావాలని తెర మీద హెచ్చరిక వస్తుంది. గడికి 39 చొప్పున 256 గడులకు వేసిన లెక్క అది.

కానీ అసలు ప్రమాదానికి ఏ హెచ్చరికా రాదు. వార్తా వ్యాసాల మీద కార్డులు తయారుచేసి, ఏడాది తరువాత అదే సేకరణలో వంటకాల వివరాలు చేర్చడం మొదలుపెట్టారనుకోండి. కొత్త వెక్టర్లకు సరైన గడులు లేకపోయినా, ప్రతిదీ ఏదో ఒక దగ్గరి గడికి అతుక్కుంటుంది. ర్యామ్ అంతే, వేగం అంతే, తప్పు అని ఎక్కడా కనబడదు. పులిహోర గురించి అడిగినవారికి ఏదో అన్నం వంటకం వస్తుంది, అదీ ఒక్కోసారి. పట్టుకోవాలంటే కొన్ని వందల ప్రశ్నలు పక్కన పెట్టుకుని, వాటికి అసలు వెక్టర్ల మీద పూర్తిగా వెతికిన జవాబులు రాసి ఉంచాలి. ఆ పది సరైన జవాబుల్లో కుదించిన సూచిక ఎన్నింటిని తెస్తోందో అప్పుడప్పుడు సరిచూడాలి. దీన్నే రీకాల్ అంటారు. సేకరణలోకి కొత్త రకం సరుకు వచ్చినప్పుడు ఆ రకం ప్రశ్నలను కూడా ఈ జాబితాలో చేర్చాలి, లేకపోతే పాత ప్రశ్నల రీకాల్ చక్కగానే కనిపిస్తూ ఉంటుంది. అది పడిపోయిందని తేలితే కార్డులు మళ్లీ తయారుచేసి, నూరు కోట్ల వెక్టర్లకూ కొత్త కోడ్‌లు రాయాలి. ఆ పని కోడ్‌ల నుంచి సరిగా చేయలేం, అసలు వెక్టర్లే కావాలి. చోటు మిగిలిందని వాటిని డిస్కులోంచి కూడా చెరిపేసినవారు, మొదటి ఫొటోల నుంచో వాక్యాల నుంచో ఎంబెడింగులన్నీ తిరిగి తయారుచేసుకోవాల్సి వస్తుంది.